రాఖీకి బడ్జెట్ వారీ గిఫ్ట్ గైడ్ రాయడం ఎలా?

రాఖీకి నెల ముందు ఏ ఆన్‌లైన్ గిఫ్ట్ షాపు తెరిచినా "రూ.500 లోపు బహుమతులు" అనే పోస్టు ఒకటి కనబడుతుంది. అందులో రూ.499 పెట్టె ఒకటి నచ్చి కార్ట్‌లో వేసుకుంటాం. డబ్బు కట్టే పేజీకి వెళ్ళేసరికి డెలివరీ 70, గిఫ్ట్ ప్యాకింగ్ 19 కలిసి బిల్లు 588 అవుతుంది. ఐదొందల్లో తేలిపోవాలనుకుని వచ్చిన మనిషి అక్కడే ఆగిపోతుంది. షాపువాళ్ళేమో పోస్టు బాగానే చదువుతున్నారు, ఆర్డర్లే రావడం లేదు అనుకుంటారు.

అందుకే ఇలాంటి గైడ్ రాసే పని వస్తువుల జాబితాతో మొదలుపెట్టకండి. చివరి బిల్లుతో మొదలుపెట్టి వెనక్కి రండి. మీరే సొంతంగా పెట్టెలు కట్టి అమ్మే షాపు నడుపుతున్నారనుకుని ఈ పద్ధతి చెబుతున్నాను.

1. ముందు ఎవరు ఎవరికి ఇస్తున్నారో విడదీయండి

రాఖీ పౌర్ణమికి రెండు రకాల కొనుగోళ్ళు జరుగుతాయి. మొదటిది అక్కో చెల్లెలో వేరే ఊళ్ళో ఉన్న అన్నకో తమ్ముడికో రాఖీ పంపడం. దాంతో పాటు కొంచెం తీపి, ఒక చిన్న వస్తువు పెడుతుంది. అది పండగ రోజు పొద్దుటికల్లా చేరాల్సిందే. మర్నాడు చేరితే పంపినా పంపనట్టే. రెండోది రాఖీ కట్టించుకున్నాక అన్నదమ్ములు ఇచ్చేది. చీర, వెండి వస్తువు, వాచీ, హ్యాండ్‌బ్యాగ్ లాంటివి ఇందులోకి వస్తాయి. ఇది పండగ రోజున చేతికి ఇవ్వచ్చు, రెండు రోజులు ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనుకోరు.

ఈ రెండిటికీ ఖర్చు పెట్టే మొత్తం వేరు, తొందర వేరు. వీటిని ఒకే పోస్టులో కలిపేస్తే రూ.500 లోపు గుంపులో అబ్బాయిల వాలెట్ పక్కన అమ్మాయిల జుంకాలు వచ్చి పడతాయి. చదివేవాళ్ళు సగం వస్తువులను దాటుకుంటూ పోవాలి. కాబట్టి "అన్నకు, తమ్ముడికి పంపడానికి" ఒక గైడ్, "అక్కకు, చెల్లికి ఇవ్వడానికి" ఇంకో గైడ్ రాయండి. బడ్జెట్ విభజన ఆ తర్వాత, ఏ గైడ్‌కి ఆ గైడ్‌లో. వదిన రాఖీలు, పిల్లల రాఖీలు మొదటిదాంట్లోనే ఇమిడిపోతాయి.

2. మెట్లు మీ పాత ఆర్డర్ల నుంచి తీయండి

500, 1000, 2000 అని అందరూ పెట్టే మెట్లే పెట్టేయడం తేలిక. కానీ మీ కస్టమర్లు ఎక్కడ ఆగుతున్నారో మీ దగ్గరే లెక్క ఉంటుంది. పోయిన ఏడాది శ్రావణంలో వచ్చిన ఆర్డర్లను షీట్‌లోకి దింపి, కట్టిన మొత్తం ప్రకారం చిన్నదాన్నుంచి పెద్దదానికి పేర్చి చూడండి. వస్తువు ధర కాదు, డెలివరీతో కలిపి కట్టిన మొత్తం. ఆ వరుసలో కొన్నిచోట్ల ఆర్డర్లు గుంపుగా ఉంటాయి, కొన్నిచోట్ల ఖాళీ ఉంటుంది. గుంపు ముగిసి ఖాళీ మొదలయ్యే చోట మెట్టు పెట్టాలి.

మొదటి ఏడాది షాపు అయితే ఆ లెక్క ఉండదు. అప్పుడు మన ఇళ్ళలో చేతికిచ్చే డబ్బును ఆధారంగా తీసుకోండి. కవర్లో పెట్టినా, పళ్ళెంలో వేసినా నూట పదహార్లు, ఐదువందల పదహార్లు, వెయ్యిన్నూట పదహార్లు అనే లెక్క మనవాళ్ళకు అలవాటే. డబ్బు బదులు వస్తువు ఇద్దామనుకున్నవాళ్ళు కూడా మనసులో దాదాపు ఆ మొత్తమే అనుకుని వస్తారు. మూడు మెట్లు చాలు. నాలుగోది పెట్టాలనిపిస్తే అది అన్నిటికన్నా కింద, "రాఖీ మాత్రమే" అని పెట్టండి. పెట్టె లేకుండా కవర్లో పోయేది. దానికి ఉబ్బుగా ఉన్న రాఖీలు పనికిరావు, పల్చగా ఉన్నవి ఎంచుకోండి.

3. ఒక మెట్టును లెక్క కట్టి చూడండి

అన్ని మెట్లలోకీ రూ.500 లోపుదే కష్టం, చోటు తక్కువ కాబట్టి. దాన్ని ఒకసారి పూర్తిగా లెక్క వేద్దాం. కింద వేసిన ఖర్చులన్నీ జీఎస్టీ తీసేసినవి, ఉదాహరణకు అనుకున్నవి. వాటి చోట మీ అంకెలు వేసుకోండి.

కొనేవాళ్ళు కట్టేది అన్నీ కలిపి 499. పెట్టెలో ఒక రాఖీ, చిన్న పొట్లాల్లో కుంకుమ, అక్షింతలు, 200 గ్రాముల జీడిపప్పు–బాదం, ఒక చిన్న ఏటికొప్పాక లక్క బొమ్మ ఉన్నాయనుకోండి. 499లో జీఎస్టీ 5 శాతం చొప్పున సుమారు 24 పోతుంది. అరకిలో లోపు కొరియర్‌కి 62, ఆన్‌లైన్ పేమెంట్ చార్జీ 12, పెట్టె, కాగితం, రిబ్బన్ కలిపి 35. మిగిలేది 366. రాఖీ, పొట్లాలకు 40, పప్పులకు 190, బొమ్మకు 50, మొత్తం 280 తీసేస్తే చేతిలో 86 ఉంటుంది. ఫర్వాలేదు, నడుస్తుంది.

ఇప్పుడు పెట్టె మార్చి చూడండి. ఫొటోలో నిండుగా కనబడుతుందని 30 సెం.మీ. పొడవు, 22 వెడల్పు, 10 ఎత్తు ఉన్న పెట్టె తీసుకున్నారనుకోండి. లోపల సరుకు అరకిలో కూడా లేదు. కానీ కొరియర్లు తూకమూ చూస్తాయి, పెట్టె ఆక్రమించే చోటూ చూస్తాయి. రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. చాలా కంపెనీలు పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తాయి. 30 × 22 × 10 అంటే 6600, దాన్ని 5000తో భాగిస్తే 1.32 కిలోలు. అరకిలో చొప్పున లెక్క కట్టే కొరియర్‌లో అది కిలోన్నర కింద పడుతుంది. 62 కాస్తా 130 అయిందనుకుంటే 86 కాస్తా 18కి దిగుతుంది.

అదే సరుకును 22 × 15 × 6 పెట్టెలో సర్దితే 1980 బై 5000, అంటే 0.4 కిలో లోపే. అరకిలో చార్జీతో వెళ్ళిపోతుంది. కాబట్టి ఈ మెట్టులో ముందు పెట్టె ఎంచుకోవాలి, తర్వాత అందులో పట్టే వస్తువులు. కొలతలు తీసేటప్పుడు బయటి కవర్ వేశాక తీయండి. బబుల్ రేపర్ చుడితే ప్రతి వైపూ ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగే సంగతి చాలామందికి కొరియర్ బిల్లు చూశాకే తెలుస్తుంది.

4. కాంబోలో పన్ను ఎక్కడ మారుతుందో చూసుకోండి

పై పెట్టెలో లక్క బొమ్మ తీసేసి, అదే 50 రూపాయల్లో చిన్న పెర్ఫ్యూమ్ సీసా పెట్టారనుకోండి. పైకి ఏమీ మారలేదు. లెక్కలో మారింది. వేర్వేరు వస్తువులను ఒక్క ధరకు కట్టి అమ్మితే జీఎస్టీలో దాన్ని మిక్స్‌డ్ సప్లై అంటారు. అందులో ఏ వస్తువుకు పన్ను ఎక్కువో ఆ రేటే మొత్తం పెట్టెకు పడుతుంది. పెర్ఫ్యూమ్‌కు 18 శాతం కాబట్టి 499 మీద 18 శాతం చొప్పున సుమారు 76 పోతుంది. 24 పోవాల్సిన చోట 76, అంటే 52 అదనం. మామూలు రాఖీకి 2018 జులై నుంచి జీఎస్టీ లేదు, కానీ ఈ పెట్టెలో చేరిన పాపానికి దాని వాటా మీద కూడా 18 శాతం కట్టాల్సిందే.

పెద్ద పెట్టె, పెర్ఫ్యూమ్ రెండూ కలిస్తే మిగులు 86 పోయి, ప్రతి ఆర్డర్ మీదా 34 రూపాయలు చేతినుంచి పడుతుంది. పండగ హడావిడిలో ఇది తెలియదు. ఆర్డర్లు బాగా వస్తుంటాయి కాబట్టి ఇంకా సంతోషంగా ఉంటుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి చాలా రేట్లు మారాయి. చాక్లెట్లు 18 నుంచి 5 శాతానికి వచ్చాయి. డ్రైఫ్రూట్స్, పింగాణీ మగ్గులు కూడా 5లోనే ఉన్నాయి. కాబట్టి పాత షీట్‌లోని ధరలే ఈ ఏడాదీ ఎక్కించకండి. రూ.500 మెట్టులో 5 శాతం వస్తువులను మాత్రమే కలపండి. వాచీ, పెర్ఫ్యూమ్, ఇయర్‌ఫోన్స్ లాంటివి పై మెట్లలో విడిగా, ఎవరికి వారు ఎంచుకుని చేర్చుకునేలా, దేని ధర దానికే పెట్టండి. ఇదంతా రెగ్యులర్ జీఎస్టీలో ఉన్న షాపుల లెక్క. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళది వేరు. ఏదైనా కాంబో మీద సందేహం ఉంటే పోస్టు వేయకముందే మీ ఆడిటర్‌ని ఒక మాట అడగండి.

5. ప్రయాణం తట్టుకునేవే మెట్టులో ఉంచండి

శ్రావణం అంటే వానాకాలం. అట్టపెట్టె తేమ పీలుస్తుంది, ఒక్కోసారి తడుస్తుంది. కోవా స్వీట్లు రెండు రోజులకే వాసన వస్తాయి. పూతరేకులు రుచికి రాజాలే కానీ కొరియర్‌లో పొడి అయి దిగుతాయి. గట్టి డబ్బాలో, కదలకుండా సర్దితేనే పంపాలి. ఆ డబ్బా పెడితే 500 మెట్టు దాటిపోతుంది. బందరు లడ్డు, జీడిపప్పు, బాదం, బెల్లం పాకం పట్టిన వేరుశనగ చిక్కీ లాంటివి గాలి తగలకుండా కవర్లో సీల్ చేస్తే నిక్షేపంగా చేరతాయి. ఏ తీపి పెట్టినా దాన్ని ఎప్పటిలోగా తినాలో పోస్టులోనే రాయండి.

మధ్య మెట్టుకు, అంటే వెయ్యి లోపుకు, మన ప్రాంతపు చేతిపనులు బాగా నప్పుతాయి. కొండపల్లి బొమ్మలు, చేర్యాల మాస్కులు, పోచంపల్లి ఇకత్ స్టోల్ లాంటివి. కొండపల్లి బొమ్మ పొణికి కర్రది, బరువు తక్కువ, కానీ చేతులు కాళ్ళు విడిగా అతికిస్తారు కాబట్టి రవాణాలో ఊడొచ్చు. ఒక బొమ్మను మీ పెట్టెలో పెట్టి వేరే ఊళ్ళో ఉన్న స్నేహితులకు పంపి, ఎలా చేరిందో ఫొటో తెప్పించుకోండి. అది చూశాకే గైడ్‌లో చేర్చండి.

పై మెట్టులో ఎక్కువ వస్తువులు అక్కర్లేదు. రెండు వేలు దాటి ఖర్చు పెట్టేవాళ్ళు గైడ్ మొత్తం చదవరు, నాలుగైదు మంచివి చూసి తేల్చుకుంటారు. వెండి వస్తువు పెడితే మాత్రం ఎన్ని గ్రాములు, ఎంత స్వచ్ఛత అన్నది రాయండి. వెండి ధర రోజూ మారుతుంది కాబట్టి వారానికోసారి చూసి, మెట్టు దాటిపోతే వెంటనే పై మెట్టుకు జరపండి.

6. ఒక్కో వస్తువుకు నాలుగు సంగతులు రాయండి

మెట్టుకు ఏడెనిమిది వస్తువులు చాలు. నలభై పెడితే అది గైడ్ కాదు, కేటలాగ్. ప్రతిదాని కింద నాలుగు సంగతులుండాలి: ఎవరికి నప్పుతుంది, పెట్టెలో ఏమేమి ఎంతెంత ఉన్నాయి, ఇంటికి చేరేసరికి ఎంత అవుతుంది, ఎప్పటిలోగా ఆర్డర్ చేయాలి.

చాలాచోట్ల కనబడేది ఇలా ఉంటుంది: "మీ ప్రియమైన సోదరుడి ముఖంలో చిరునవ్వులు పూయించే అద్భుతమైన రాఖీ కాంబో!" చదివాక కూడా లోపల ఏముందో తెలియదు. దాని బదులు ఇలా రాయండి:

"హాస్టల్లో ఉండే తమ్ముడికి: ఒక దారం రాఖీ, కుంకుమ, అక్షింతలు, వేయించిన జీడిపప్పు 100 గ్రాములు, బాదం 100 గ్రాములు, అరచేతిలో పట్టే ఏటికొప్పాక లక్క బొమ్మ. పప్పులు మళ్ళీ మూసుకునే జిప్ కవర్లో ఉంటాయి. డెలివరీతో కలిపి రూ.499. నగరాలకు ఆగస్టు 21 రాత్రిలోగా, మండలాలకు, పల్లెలకు 18 రాత్రిలోగా ఆర్డర్ చేయండి. మీ చేతిరాతతో చీటీ పెట్టాలంటే ఫొటో తీసి పంపండి, ప్రింట్ తీసి పెడతాం."

"హాస్టల్లో ఉండే తమ్ముడు", "కొత్తగా ఉద్యోగంలో చేరిన అన్న", "పిల్లలున్న అక్క" లాంటి మాటలు కొనేవాళ్ళకు వెంటనే తగులుతాయి. "స్టైలిష్ బ్రదర్" అంటే ఎవరో ఎవరికీ తెలియదు.

ధర మాట ఎక్కడ ఉండకూడదో కూడా చూసుకోండి. చాలా షాపుల్లో వస్తువు పేరు నేరుగా కొరియర్ లేబుల్ మీద ప్రింట్ అవుతుంది. వస్తువుకు "బడ్జెట్ రాఖీ కాంబో 299" అని పేరు పెట్టారంటే పార్సిల్ అందుకున్న అన్న ముందు చదివేది అదే. ధర గైడ్ శీర్షికలో ఉండాలి, వస్తువు పేరులో ఉండకూడదు. పేరు "జీడిపప్పు, లక్క బొమ్మ రాఖీ పెట్టె" అని ఉంటే సరిపోతుంది. అలాగే వేరే చిరునామాకు పంపే గిఫ్టుకు క్యాష్ ఆన్ డెలివరీ ఆపేయండి. లేకపోతే రాఖీ తీసుకోవడానికి తమ్ముడే డబ్బు కట్టాలి.

ఇక డెలివరీని చివర్లో కలపడం గురించి. మొదట తక్కువ ధర చూపించి, కట్టే పేజీలో చార్జీలు ఒక్కొక్కటే బయటపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరులో ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు తప్పుపట్టాయి. గిఫ్ట్ ప్యాకింగ్ ముందే టిక్ చేసి పెట్టడం, సరుకు దండిగా ఉండగా "రెండే మిగిలాయి" అనడం కూడా వాటి కిందికే వస్తాయి. డెలివరీ చార్జీ దూరాన్ని బట్టి మారేలా మీరు పెట్టుకుని ఉంటే, అన్నిటికన్నా ఎక్కువ పడే చోటికి లెక్క కట్టి అప్పుడు మెట్టు నిర్ణయించండి.

7. తేదీలు వెనక్కి లెక్కపెట్టండి

2026లో రాఖీ పౌర్ణమి ఆగస్టు 28, శుక్రవారం. "పండగలోపు డెలివరీ" అని ఊరికే రాస్తే ప్రతి రోజూ ఫోన్లు వస్తాయి. పోయిన సీజన్‌లో మీ కొరియర్ ఏ ఊరికి ఎన్ని రోజులు తీసుకుందో రిపోర్టు తీసి, దానికి రెండు రోజులు కలపండి. నగరాలకు మూడు రోజులు పట్టి ఉంటే ఐదు అనుకోవాలి. పండగ ముందు రోజు, అంటే 27 నాటికి చేరాలంటే 22న పార్సిల్ కదలాలి. కాబట్టి 21 రాత్రి వరకు ఆర్డర్లు తీసుకోవచ్చు. మండలాలకు, పల్లెలకు ఆరు రోజులు పట్టి ఉంటే ఎనిమిది. 19న కదలాలి, 18 రాత్రికి ఆపేయాలి. ఈ రెండు తేదీలూ గైడ్ పైనే, మొదటి వస్తువు కన్నా ముందు ఉండాలి. మధ్యలో ఆదివారం కొరియర్ కదలకపోతే ఇంకో రోజు వెనక్కి జరపండి. విదేశాలకు పంపేవి ఈ గైడ్‌లో కలపకండి. అక్కడ కొరియరే రాఖీకన్నా ఎక్కువ అవుతుంది, మెట్లన్నీ తారుమారవుతాయి.

పోస్టు మాత్రం జులై మధ్యకల్లా పెట్టేయండి. సెర్చ్‌లో కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. లింకులో ఏడాది రాయకండి, `rakhi-gifts-under-500` అని ఉంటే చాలు. ఏడాది శీర్షికలో ఉంటుంది, వచ్చేసారి అక్కడ మార్చుకుంటే పాత లింకే పనికొస్తుంది. ఈ లింకులు ఎక్కువగా తిరిగేది ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో కాబట్టి, లింక్‌తో పాటు వచ్చే బొమ్మ మీద "డెలివరీతో కలిపి రూ.500 లోపు" అని పెద్ద అక్షరాల్లో ఉండాలి. పంపే ముందు ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లో తెరిచి చూడండి, మీ ఫోన్లో చదవగలిగినవి వాళ్ళకు ఆనకపోవచ్చు.

8. పోస్టు వేశాక రోజూ చూడాల్సింది

ఆగస్టు మొదటి వారం నుంచి రోజూ పొద్దున్నే గైడ్‌లోని ప్రతి లింకూ నొక్కి, కట్టే పేజీ దాకా వెళ్ళి మొత్తం చూడండి. అయిపోయిన వస్తువును గైడ్‌లో వదిలేయకుండా, అదే మెట్టులో దాని బదులు ఇంకోటి పెట్టండి. అందుకే మెట్టుకు రెండు వస్తువులు ముందే రాసి పక్కన ఉంచుకోవడం మంచిది. ఎక్కడ తేడా వస్తోందో పేజీ లెక్కల్లోనే తెలుస్తుంది. గైడ్ చదివి వస్తువు నొక్కనివాళ్ళు ఎక్కువైతే వస్తువులు నచ్చలేదు. కార్ట్‌లో వేసి కట్టకుండా పోయినవాళ్ళు ఎక్కువైతే ధరో డెలివరీ తేదీయో ఎక్కడో మెట్టు తప్పింది.

ఆర్డర్లు ఆపే తేదీ దాటిన ఊళ్ళకు "పండగకు చేరదు" అని స్పష్టంగా రాసి, వాట్సాప్‌లో పంపుకునే ఈ–గిఫ్ట్ కార్డును మాత్రం అదే మెట్టు ధరలో పైకి తేండి. అన్నదమ్ములు ఇచ్చే గైడ్‌ను పండగ తర్వాత ఇంకో వారం ఉంచండి, కవర్లో డబ్బు పెట్టి సరిపెట్టిన అన్నలు తర్వాత ఏదైనా కొనడం మామూలే.

ఆ తర్వాత పేజీలు తీసేయకండి. దీపావళి వెళ్ళిన రెండో రోజు, కార్తీక శుద్ధ విదియనాడు, భగినీ హస్త భోజనం వస్తుంది. ఆ రోజు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ ఇంటికి భోజనానికి వెళ్తారు, వెళ్తూ కానుక తీసుకెళ్తారు. కాబట్టి రాఖీ పెట్టెల గైడ్‌ను వచ్చే ఏడాదికి పక్కన పెట్టి, అక్కకు, చెల్లికి ఇచ్చే గైడ్‌ను మాత్రం ముందుకు తెచ్చి, రాఖీ అన్న మాటలన్నీ తీసేసి, తేదీలు మళ్ళీ లెక్కపెట్టండి. అప్పటికి దీపావళి పార్సిళ్ళతో కొరియర్లు రాఖీ సీజన్‌కన్నా ఎక్కువ నిండి ఉంటాయి, ఈసారి రెండు రోజుల బదులు మూడు కలుపుకోండి.